లోపిటాల్ రూల్ రెండోసారి వాడే ముందు

డెరివేటివ్ తీసే ముందు ప్రతిసారీ x విలువ పెట్టి చూడండి. 0/0 గానీ ∞/∞ గానీ వస్తేనే ముందుకెళ్లాలి.

x→1 దగ్గర (x³−3x+2)/(x³−x²−x+1) తీసుకోండి, 0/0 వస్తుంది. పైనా కిందా విడివిడిగా (భాగహార సూత్రం కాదు సుమా) డెరివేటివ్ తీస్తే (3x²−3)/(3x²−2x−1), ఇదీ 0/0 యే. ఇంకోసారి తీస్తే 6x/(6x−2), ఇందులో 1 పెడితే 6/4, అంటే 3/2, ఇక ఆగిపోవాలి. అదే ఊపులో మూడోసారి కూడా తీశారో, 6/6 = 1 వచ్చి కూర్చుంటుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. సరిచూసుకోవాలంటే పైనా కిందా (x−1)² కొట్టేయండి, (x+2)/(x+1) మిగులుతుంది.

డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ లేకపోతే అసలు లిమిటే లేదని రాసేయకండి. x→∞ అయినప్పుడు (x+sin x)/x కి రూల్ వాడితే 1+cos x ఊగుతూనే ఉంటుంది, కానీ x తో భాగించి చూస్తే జవాబు 1.