cos x = x మూలాన్ని సగం సగం చేస్తూ పట్టుకోవడం ఎలా?

cos x = x అనే సమీకరణాన్ని మామూలు ఆల్జీబ్రాతో విడదీయలేం. x ని ఒకవైపుకి తెచ్చి జవాబు రాసేద్దామంటే కుదరదు, ఎందుకంటే అది cos లోపలా ఉంది, బయటా ఉంది. అయినా 0కీ 1కీ మధ్య మూలం ఒకటి ఉందని ఖచ్చితంగా నిరూపించొచ్చు. ఆ తర్వాత కావలసినంత దగ్గరగా దాన్ని చుట్టుముట్టొచ్చు కూడా.

ముందుగా అన్నిటినీ ఒకవైపుకి తెచ్చి f(x) = cos x − x అని పెట్టుకోండి. ఇప్పుడు మనం వెతికేది f సున్నా అయ్యే చోటు. రెండు చివర్లా విలువ చూడండి: f(0) = 1, అంటే ప్లస్. f(1) = 0.5403 − 1 = −0.4597, అంటే మైనస్. ఈ అంతరంలో f అవిచ్ఛిన్నం, అంటే గ్రాఫ్ ఎక్కడా తెగదు. అక్షానికి పైన మొదలై కింద ముగిసే తెగని గీత మధ్యలో ఎక్కడో అక్షాన్ని దాటాల్సిందే. ఇంటర్మీడియట్ వాల్యూ థియరం చెప్పేది ఇదే. గీతలో చూస్తే ఇంత తేలిగ్గా కనిపించే ఈ మాటకి బొమ్మ మీద ఆధారపడని రుజువు కావాలని పట్టుబట్టి 1817లో బోల్జానో ఒక వ్యాసమే ప్రచురించాడు.

పరీక్షలో రాసేటప్పుడు "cos x, x రెండూ అవిచ్ఛిన్నాలు కాబట్టి వాటి తేడా కూడా అవిచ్ఛిన్నమే" అన్న వాక్యాన్ని వదిలేయకండి. గుర్తులు మారాయని మాత్రమే రాస్తే రుజువు సగమే అయినట్టు.

మూలం ఉందని తేలింది కానీ ఒక్కటే అని తేలలేదు, ఎందుకంటే ఆ గీత మూడుసార్లు దాటినా చివర్ల గుర్తులు ఇలాగే ఉంటాయి. ఇక్కడ అవకలజం −sin x − 1. 0, 1ల మధ్య అది ఎప్పుడూ మైనస్సే కాబట్టి f దిగుతూనే పోతుంది, ఒక్కసారే దాటుతుంది.

ఇక సగం చేయడం మొదలుపెడదాం. మధ్య బిందువు 0.5 దగ్గర f = 0.3776, ప్లస్. కుడి చివర మైనస్ కాబట్టి మూలం కుడి సగంలో ఉంది, అంటే [0.5, 1]లో. తర్వాత 0.75 దగ్గర −0.0183 వస్తుంది, అందుకని ఈసారి ఎడమ సగం ఉంచుకోవాలి: [0.5, 0.75]. 0.625 దగ్గర 0.1860, మళ్లీ ప్లస్, కాబట్టి [0.625, 0.75]. విలువ ఎంత అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, గుర్తు చాలు. నోట్‌బుక్‌లో ప్రతి అంతరం రెండు చివర్ల కింద + ఒకటి, − ఒకటి రాస్తూ వెళ్లండి, రెండూ ఒకే గుర్తు అయిపోతే ఆ అడుగులో తప్పు సగం పట్టుకున్నారని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఎక్కడ ఆపాలి? పది అడుగులయ్యాక వెడల్పు 1/1024, అంటే 0.001 లోపే, అప్పుడు అంతరం దాదాపు [0.7383, 0.7393]. మూడు దశాంశాలు వచ్చేశాయని చాలామంది ఇక్కడే ఆపేస్తారు, కానీ ఎడమ చివరని సవరిస్తే 0.738, కుడి చివరని సవరిస్తే 0.739, మరి జవాబు ఏది? ఇంకో అడుగు వేస్తే [0.7388, 0.7393] వస్తుంది, రెండు చివర్లూ 0.739కే సవరించబడతాయి, అప్పుడు ధైర్యంగా రాయొచ్చు. అసలు మూలం 0.739085 దగ్గర ఉంది.

నేను ట్యూషన్ చెప్పే పిల్లల్లో ఎక్కువగా చూసే తప్పు కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండిపోవడం. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే అప్పుడు కూడా f(0) ప్లస్, f(1) మైనస్సే వస్తాయి, పద్ధతి ఏ ఆటంకమూ లేకుండా సాగి 0.99985 అనే తప్పు జవాబు దగ్గరికి తీసుకెళ్తుంది. మొదలుపెట్టే ముందే cos 1 నొక్కి చూడండి. 0.5403 వస్తే రేడియన్లలో ఉన్నట్టు, 0.9998 వస్తే మోడ్ మార్చాలి.

అవిచ్ఛిన్నత చూసుకోకపోతే ఏమవుతుందో tan x తో [1, 2] మీద ఒకసారి చేసి చూడండి. tan 1 ప్లస్, tan 2 మైనస్, కానీ మధ్యలో π/2 దగ్గర గీత తెగిపోతుంది, ఈ అంతరంలో మూలమే లేదు. అయినా సగం చేసే పద్ధతి ఆగదు, 1.5708 వైపు నెమ్మదిగా చేరిపోతుంది. పట్టుకునే దారి f విలువల్లోనే ఉంది: 1.5 దగ్గర 14.1, 1.75 దగ్గర −5.5, 1.625 దగ్గర −18.4, 1.5625 దగ్గర ఏకంగా 120.5. నిజమైన మూలం దగ్గరికి వెళ్తుంటే ఇవి సున్నా వైపు తగ్గాలి. అంతరం చిన్నదవుతున్న కొద్దీ విలువలు ఇలా పెరుగుతుంటే అక్కడితో ఆపేసి, గీత ఎక్కడ తెగిందో వెతకండి.