ఆఫీసు ఉత్తరాలు, 4వ పాఠం: క్లర్కుకి ఆఫర్ లెటర్

పోయిన పాఠంలో ఇంటర్వ్యూకి పిలిచే ఉత్తరం రాశాం కదా, ఇప్పుడు అందులో ఎంపికైన మనిషికి ఆఫర్ లెటర్ రాద్దాం. చాలామంది రాసే ముక్క ఇలా ఉంటుంది:

"మీ జీతం 18,000. ఆరు నెలలు ప్రొబేషన్. వీలైనంత త్వరగా చేరగలరు."

చూడ్డానికి బానే ఉంది, కానీ గొడవలన్నీ ఇందులోనే ఉన్నాయి. 18,000 అంటే చేతికొచ్చేదా, కోతలకు ముందుదా? చేరే మనిషి చేతికొచ్చేదే అనుకుంటాడు, మొదటి జీతం తక్కువ పడగానే మోసం చేశారంటాడు. అందుకని "నెలకు 18,000, చట్టప్రకారం కోతలు పోగా మిగిలింది మీ ఖాతాలో వేస్తాం" అని రాయండి. నెల మధ్యలో చేరేవాళ్లకి ఇంకో మాట కూడా కావాలి. జూన్ 15న చేరితే ఆ నెలలో లెక్కకొచ్చేది 16 రోజులే, అంటే కోతలకు ముందు 9,600. ఇది ముందే చెప్పేస్తే సరి.

ఇక అసలు తలనొప్పి ప్రొబేషన్. ఆరు నెలలు అని ఊరుకుంటే, ఏడో నెల మొదటి రోజున ఆ మనిషి పర్మినెంటా కాదా? మేనేజర్ ఇంకా పరీక్షలోనే ఉన్నాడనుకుంటాడు, ఇతనేమో గడువైపోయింది కాబట్టి నోటీసు లేకుండా తీసేయడానికి లేదంటాడు, కాగితం మాత్రం ఏమీ చెప్పదు. కాబట్టి తేదీలు వేసి, గడువు తర్వాత ఏమవుతుందో కూడా రాయాలి:

"మీ ప్రొబేషన్ 2026 జూన్ 15 నుంచి డిసెంబర్ 14 వరకు. పని సంతృప్తికరంగా ఉంటే ఆ తేదీలోపు ఖాయం చేస్తూ ఉత్తరం ఇస్తాం. అవసరమైతే కారణం రాసి, ఒకే ఒక్కసారి, మూడు నెలల వరకు పొడిగిస్తాం. ఈ కాలంలో ఇరువైపులా నోటీసు 15 రోజులు."

చివరి తేదీ డిసెంబర్ 15 కాదు, 14. ఈ పొరపాటు నేనూ చేశాను. నోటీసు రోజులు, పొడిగింపు మీ దగ్గరి చట్టానికి లోబడి ఉన్నాయో లేదో మాత్రం ఎవరినైనా అడిగి చూసుకోండి.

పనుల దగ్గర "ఆఫీసు పనులు" అని రాస్తే రాయనట్టే. వచ్చిన ఉత్తరాలు రిజిస్టర్‌లో ఎక్కించడం, ఫైళ్లు చూసుకోవడం, బిల్లులు సరిచూసి అకౌంట్స్‌కి పంపడం, ఇలా నాలుగైదు పనులు పేరుపెట్టి రాసి, ఎవరికి రిపోర్ట్ చేయాలో చెప్పండి. "అప్పగించిన ఇతర పనులు" అని చివర్లో పెట్టుకోవచ్చు, కానీ "ఈ ఉద్యోగానికి సంబంధించిన" అని ముందు చేర్చకపోతే, రేపు టీలు కూడా అతనే తేవాలంటారు.

చేరే తేదీకి రోజు, టైము కూడా రాయండి: "జూన్ 15, సోమవారం, ఉదయం 9:30." ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసిన కాపీ జూన్ 5లోపు అందకపోతే ఈ ఆఫర్ చెల్లదని కింద ఒక లైను. ఆ లైను లేకపోతే జవాబు రాని మనిషి కోసం ఎదురుచూస్తూ రెండో అభ్యర్థిని పోగొట్టుకుంటారు.

ఈసారికి పని: మొదట్లో ఇచ్చిన మూడు వాక్యాల ముక్కని ఒక పేజీ ఉత్తరంగా తిరగరాయండి. చేరే తేదీ మాత్రం జులై 8 అనుకుని ప్రొబేషన్ చివరి తేదీ మీరే లెక్కకట్టండి. వచ్చే పాఠంలో ఆ ప్రొబేషన్ పొడిగించే ఉత్తరం రాద్దాం.