మెటీరియల్ విచలనాలు: టాలీ అయిన జవాబు కూడా తప్పయ్యే చోట్లు, ముందు జాగ్రత్తలు

ధర విచలనం, వినియోగ విచలనం కలిపితే మొత్తం వ్యయ విచలనం రావాలి. స్టాండర్డ్ కాస్టింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సరిచూపు తెలుసు. కానీ అది పట్టుకునే తప్పులు కొన్నే. మిగిలిన తప్పులు జవాబులో ఉన్నా అంకెలు చక్కగా టాలీ అవుతాయి. పరీక్షకు వెళ్లేముందు ఏ తప్పు దొరుకుతుందో, ఏది దొరకదో తెలుసుకుని ఉండాలి. దొరకని వాటికి వేరే సరిచూపు పెట్టుకోవాలి.

ఒక లెక్క తీసుకుందాం. 10 యూనిట్లు తయారు చేయడానికి ప్రమాణం ప్రకారం 12 కిలోల మెటీరియల్ పట్టాలి, కిలో 40 రూపాయలు. బడ్జెట్‌లో అనుకున్న ఉత్పత్తి 1,000 యూనిట్లు, నిజంగా తయారైనవి 900. ఆ నెలలో 1,200 కిలోలు 50,400 రూపాయలకు కొన్నారు, అందులో 1,110 కిలోలు వాడారు. ప్రారంభ నిల్వ లేదు.

మొదట ప్రమాణ పరిమాణం

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది 900 యూనిట్లకు ఎంత మెటీరియల్ పట్టాలన్నది. యూనిట్‌కు 1.2 కిలోలు కాబట్టి 1,080 కిలోలు. ప్రశ్నలో బడ్జెట్ ఉత్పత్తి పక్కనే కనిపిస్తుంది కాబట్టి తొందరలో 1,000 యూనిట్లకు లెక్కేసి 1,200 అని రాసేవాళ్లు ఎక్కువ. కొన్న పరిమాణం కూడా 1,200 కావడంతో అనుమానం కూడా రాదు.

ఆ తప్పు చేస్తే ఏమవుతుందో చూడండి. వినియోగ విచలనం (1,200 − 1,110) × 40, అంటే 3,600 అనుకూలం. ధర విచలనం 1,110 × (40 − 42), అంటే 2,220 ప్రతికూలం. రెండూ కలిపితే 1,380 అనుకూలం. వ్యయ విచలనం విడిగా కట్టినా 48,000 − 46,620 = 1,380 అనుకూలమే. పక్కాగా టాలీ అయింది, జవాబు మాత్రం పూర్తిగా తప్పు. తప్పు పరిమాణం సమీకరణంలో రెండు వైపులా ఉంది కాబట్టి తేడా ఎక్కడా బయటపడదు.

దీన్ని పట్టుకోవడానికి మొత్తాలు పనికిరావు, యూనిట్ లెక్క కావాలి. వాడిన 1,110 కిలోల్ని 900తో భాగిస్తే యూనిట్‌కు సుమారు 1.233 కిలోలు పడుతోంది. ప్రమాణం 1.2. ఎక్కువ పట్టింది కాబట్టి వినియోగ విచలనం ప్రతికూలం కాక తప్పదు. పైన వచ్చిన జవాబు అనుకూలం అంటోంది కాబట్టి ప్రమాణ పరిమాణంలోనే తేడా ఉందని అక్కడే తెలిసిపోతుంది. ఈ ఒక్క భాగహారం విచలనాలు మొదలుపెట్టకముందే మార్జిన్‌లో వేసుకోండి.

సాధారణ నష్టం ఇచ్చినప్పుడు మరింత జాగ్రత్త. నష్టం మామూలుగా లోపలికి వేసిన సరుకు మీద లెక్క. 10 శాతం నష్టంతో 1,800 కిలోల ఉత్పత్తి రావాలంటే 1,800ను 0.9తో భాగించాలి, 2,000 కిలోలు వస్తాయి. 1,800కు 10 శాతం కలిపి 1,980 అని రాస్తే 20 కిలోలు తక్కువ పడతాయి. ఈ తప్పు కూడా టాలీకి దొరకదు. 2,000లో 10 శాతం తీసేస్తే మళ్లీ 1,800 వస్తుందా అని వెనక్కి లెక్కేసి చూడటమే మార్గం.

మూడు మొత్తాలు కట్టండి

ప్రమాణ పరిమాణం ఖాయమయ్యాక సూత్రాల జోలికి పోకుండా మూడు మొత్తాలు ఒకదాని కింద ఒకటి రాయండి.

```
1,080 × 40 = 43,200
1,110 × 40 = 44,400
1,110 × 42 = 46,620
```

మొదటిది తయారైన సరుకు ప్రమాణ వ్యయం. రెండోది వాడిన మెటీరియల్‌ను ప్రమాణ ధరకు కట్టినది. మూడోది నిజంగా పడిన ఖర్చు. మొదటి రెండింటి తేడా వినియోగ విచలనం, 1,200 ప్రతికూలం. చివరి రెండింటి తేడా ధర విచలనం, 2,220 ప్రతికూలం. మొదటిదానికీ మూడోదానికీ తేడా వ్యయ విచలనం, 3,420 ప్రతికూలం. ఎప్పుడూ పై వరస నుంచి కింది వరస తీసేయండి. ధనం వస్తే అనుకూలం, రుణం వస్తే ప్రతికూలం. ప్రతి విచలనానికీ ఈ దిశ మారకుండా చూసుకుంటే గుర్తుల గొడవ సగం తగ్గుతుంది.

నిజానికి ఈ పద్ధతిలో టాలీ దానంతట అదే వస్తుంది. అది తీసివేతలు సరిగ్గా చేశామని మాత్రమే చెబుతుంది, మూడు గుణకారాలు సరైనవని చెప్పదు. వాటిని విడిగా ఇంకోసారి గుణించి చూడాలి. వాస్తవ ధర కోసం బిల్లును భాగించినప్పుడు పైసలు తెగకపోతే ఆ ధరను గుండ్రం చేయకండి. వాడిందీ కొన్నదీ ఒకటే అయితే మూడో వరసలో బిల్లు మొత్తాన్నే నేరుగా వేసేయండి. గుండ్రం చేసిన ధరను వెయ్యి కిలోలతో గుణించేసరికి ఆ చిన్న తేడా పెద్దదై కూర్చుంటుంది.

టాలీ కాకపోతే తేడానే చదవండి

సూత్రాలతో చేసి టాలీ కాకపోతే లెక్కంతా మళ్లీ మొదలుపెట్టొద్దు. తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడుందో చాలాసార్లు అదే చెబుతుంది.

ధర విచలనానికి గుర్తు తిరగబడి అనుకూలంగా రాశారనుకుందాం. మొత్తం 1,020 అనుకూలం వస్తుంది. రావాల్సిన 3,420 ప్రతికూలానికీ దీనికీ తేడా 4,440. అందులో సగం 2,220, అచ్చంగా ధర విచలనమే. తేడాలో సగం ఏదో ఒక విచలనంతో సరిపోయిందంటే దాని గుర్తు తప్పింది.

తేడా 60 వస్తే అది వేరే తప్పు. పరిమాణాల తేడా 30 కిలోలు, ధరల తేడా 2 రూపాయలు, ఈ రెండింటి గుణకారమే 60. రెండు విచలనాల్లో ఒకదానికి తప్పు అంకెతో గుణించారని అర్థం. ధర విచలనాన్ని వాడిన 1,110తో కాకుండా 1,080తో గుణిస్తే 2,160 వస్తుంది, మొత్తం 60 తగ్గుతుంది. వినియోగ విచలనాన్ని 40 బదులు 42తో గుణిస్తే 1,260 వస్తుంది, మొత్తం 60 పెరుగుతుంది.

ఈ రెండు తప్పులూ ఒకేసారి చేస్తే? 2,160, 1,260 కలిపితే 3,420. మళ్లీ టాలీ! ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చేసింది. అందుకే మొత్తాలు సరిపోయినా సరే, ధర తేడాను వాస్తవ పరిమాణంతోనే, పరిమాణం తేడాను ప్రమాణ ధరతోనే గుణించామా అని కళ్లతో ఒకసారి చూసుకోవాలి. దీనికి దగ్గరదారి లేదు.

కొన్నది వేరు, వాడింది వేరు

ధర విచలనాన్ని కొన్నప్పుడే తేల్చాలని ప్రశ్న అడిగితే గుణించాల్సింది 1,110 కాదు, 1,200. అప్పుడు 2,400 ప్రతికూలం వస్తుంది. వినియోగ విచలనం మారదు, 1,200 ప్రతికూలమే. కలిపితే 3,600. వ్యయ విచలనం 3,420తో ఇది సరిపోదు, సరిపోకూడదు కూడా. ఇక్కడ చాలామంది కంగారుపడి సరైన జవాబును కొట్టేస్తారు. 180 తేడా నిల్వలో మిగిలిన 90 కిలోల మీద కిలోకు 2 రూపాయల చొప్పున పడిన ధర తేడా. ఆ సరుకు ఇంకా వాడలేదు కాబట్టి వ్యయ విచలనంలోకి రాలేదు.

ఈ పద్ధతిలో సరిచూపు బిల్లు మొత్తంతో చేయాలి. ముగింపు నిల్వను ప్రమాణ ధరకే కట్టండి.

```
ఉత్పత్తి ప్రమాణ వ్యయం            43,200
ముగింపు నిల్వ  90 × 40           3,600
ధర విచలనం (ప్ర)                 2,400
వినియోగ విచలనం (ప్ర)             1,200
మొత్తం కొనుగోలు                 50,400
```

ప్రతికూలాలు కలపాలి, అనుకూలాలు తీసేయాలి. బిల్లు అంకె ప్రశ్నలో ఇచ్చినదే కాబట్టి ఈ సరిచూపు మనం కట్టుకున్న అంకెల మధ్యే తిరగకుండా బయటి అంకెకు వచ్చి ఆగుతుంది. వాడిన పరిమాణం, నిల్వ ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే తప్పుగా తీసుకుంటే ఇక్కడ తేలిపోతుంది. కాకపోతే ప్రమాణ పరిమాణం తప్పైతే ఇదీ పట్టుకోలేదు. 43,200 బదులు 48,000 వేసి 3,600 అనుకూలం తీసేసినా 50,400 వస్తుంది. అందుకే యూనిట్ లెక్కను వదలొద్దన్నది. ప్రశ్న ఏ పద్ధతో చెప్పకపోతే ఎంచుకున్న పద్ధతిని జవాబు పైన ఒక వాక్యంలో రాసి మొదలుపెట్టండి.

రెండు మెటీరియల్స్ ఉంటే

ఇక్కడ ప్రమాదం సగటు ధర. ఒక ఉత్పత్తికి ప్రమాణం ప్రకారం మొదటి రకం 1,200 కిలోలు 30 రూపాయల చొప్పున, రెండో రకం 800 కిలోలు 20 రూపాయల చొప్పున పట్టాలి. నిజంగా వాడింది మొదటిది 1,300 కిలోలు 29 చొప్పున, రెండోది 750 కిలోలు 22 చొప్పున. ప్రమాణ వ్యయం 52,000, వాస్తవ వ్యయం 54,200, వ్యయ విచలనం 2,200 ప్రతికూలం.

ఒక్కో రకానికి విడిగా కడితే ధర విచలనం మొదటిదానికి 1,300 అనుకూలం, రెండోదానికి 1,500 ప్రతికూలం, నికరంగా 200 ప్రతికూలం. వినియోగ విచలనం 3,000 ప్రతికూలం, 1,000 అనుకూలం, నికరంగా 2,000 ప్రతికూలం. మొత్తం 2,200.

అదే ప్రమాణ సగటు ధర 26 పట్టుకుని మొత్తం కిలోల మీద చేశారనుకోండి. ధర విచలనం (2,050 × 26) − 54,200, అంటే 900 ప్రతికూలం. వినియోగ విచలనం (2,000 − 2,050) × 26, అంటే 1,300 ప్రతికూలం. కలిపితే ఇదీ 2,200. టాలీ అయింది గానీ ధర విచలనం 700 ఎక్కువైంది, వినియోగం 700 తక్కువైంది. ఆ 700 ఖరీదైన రకం పాలు పెరగడం వల్ల వచ్చిన మిశ్రమ విచలనం. అది వినియోగ విచలనంలో భాగం. సగటు ధర వాడగానే ధరల ఖాతాలోకి జారిపోయి, కొనుగోలు విభాగం చేయని తప్పు వాళ్ల మీద పడుతుంది.

కాబట్టి ప్రతి రకానికీ మూడు మొత్తాలు వేరుగా కట్టి, ఆ రకం వరకు టాలీ చూసి, తర్వాతే నికరం తీయండి. మొదటి రకానికి 36,000 − 37,700, అంటే 1,700 ప్రతికూలం. రెండోదానికి 16,000 − 16,500, అంటే 500 ప్రతికూలం. ఈ రెండు అంకెలూ విడివిడిగా వాటి వాటి ధర, వినియోగ విచలనాలతో సరిపోవాలి. మొత్తం మీద ఒక్కసారే చూస్తే ఒక రకంలో ఎక్కువ పడింది ఇంకో రకంలో తక్కువ పడి కనిపించకుండా పోవచ్చు. మిశ్రమం కూడా అడిగితే, వాడిన 2,050 కిలోల్ని ప్రమాణ పాళ్లలో విడదీసిన 1,230, 820 మళ్లీ 2,050 అవుతున్నాయో లేదో చూసుకున్నాకే ధరలతో గుణించండి.