ప్రాబ్లమ్ ప్రశ్నలో ‘సహేతుక పరిమితి’ వాదించేటప్పుడు

లా పరీక్షలో, పరీక్షల కాపీయింగ్ ఆపడానికి జిల్లా అంతటా మూడు రోజులు ఇంటర్నెట్ ఆపేశారని ప్రశ్న వచ్చిందనుకోండి. ఆంక్ష లక్ష్యానికి తగినంతే ఉందా అని చూసే ప్రపోర్షనాలిటీలోకి వెంటనే దూకకండి. ముందు ఆ ఆంక్షకు చెప్పిన కారణం రాజ్యాంగంలోని 19వ అధికరణంలో ఉందా చూడండి. ‘ప్రజా ప్రయోజనం’ అనే మాట వ్యాపార స్వేచ్ఛకు చెందిన 19(6)లో ఉంది, వాక్ స్వాతంత్ర్యానికి చెందిన 19(2)లో లేదు. చాలామంది దీన్ని గమనించరు.

తర్వాత ప్రపోర్షనాలిటీకి వచ్చాక, లక్ష్యం సరైనదే, ఆంక్షకు దానితో సంబంధం ఉందని రెండు వాక్యాల్లో ఒప్పేసుకోండి. అసలు పోరాటం ‘అవసరం’ దగ్గరే. గేటు దగ్గర ఫోన్లు తీసుకుంటే సరిపోదా? పరీక్ష మూడు గంటలైతే నిషేధం మూడు రోజులెందుకు? కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతపై సుప్రీంకోర్టు ఇచ్చిన అనురాధా భసీన్ తీర్పు (2020) ఇక్కడ వాడండి. చివరగా, ఫోన్‌పే ఆగి బేరాలు పోయిన కిరాణా కొట్టు నష్టాన్ని తూకం వేయండి.