పాత ఆర్టికల్‌లో ఏడాది మార్చాక ర్యాంక్ పడిపోయిందా? సమస్య - పరిష్కారం

2025 జనవరి మొదటి వారంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి నా పాత కొలీగ్ ఒకతను ఫోన్ చేశాడు. "అక్కా, నుమాయిష్ పేజీ గూగుల్‌లో ఎక్కడా కనిపించట్లేదు, పోయిన వారం దాకా మూడో ప్లేస్‌లో ఉంది, నేను చేసిందల్లా కొత్త ఏడాదికి అప్‌డేట్ చేయడమే" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది, ఎందుకంటే ఆ పేజీకి ఏడాది మొత్తంలో జనం వచ్చేది ఆ నెలన్నరే. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జరిగే నుమాయిష్ టైమింగ్స్, టికెట్ ధర, ఏ మెట్రో స్టేషన్‌లో దిగాలి, ఇవే అందులో ఉన్నవి. 2023 సీజన్ కోసం రాసిన ఆర్టికల్. URL చివర ఇలా ఉంటుంది: `/numaish-2023-timings-ticket/`.

ఆ రోజు ఆ ఒక్క పేజీ మీద వరసగా ఏమేం చూశామో చెప్తాను. మీ పేజీ వేరే విషయం మీదైనా కారణాలు దాదాపు ఇవే ఉంటాయి.

ముందు చూడాల్సింది: నిజంగా పడిందా, సీజన్ అయిపోయిందా?

సెర్చ్ కన్సోల్‌లో ఆ ఒక్క URL ని ఫిల్టర్ చేసి, ఈ నెలని పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. అందులో 16 నెలల డేటా ఉంటుంది కాబట్టి ఈ పోలిక కుదురుతుంది. క్లిక్కులు తగ్గినా సగటు పొజిషన్ అలాగే ఉంటే జనం వెతకడం తగ్గిందని అర్థం. మార్చిలో నుమాయిష్ గురించి ఎవరు వెతుకుతారు? అలాంటప్పుడు కంగారుపడి టైటిల్ మళ్లీ మార్చారంటే బాగున్న పేజీని చేతులారా కెలికినట్టే. పొజిషన్ కూడా పడితేనే కిందికి చదవండి.

లక్షణం: అప్‌డేట్ చేసిన కొన్ని రోజులకే పేజీ పూర్తిగా మాయం

మావాడిది ఇదే. "ఏడాది మార్చాను" అన్నాడు గానీ, అడ్మిన్‌లోకి వెళ్లి చూస్తే అసలు సంగతి వేరు. పాత పోస్ట్‌ని డ్రాఫ్ట్‌లో పెట్టి, అదే మ్యాటర్ కాపీ చేసి, `/numaish-2025-guide/` అని కొత్త పోస్ట్ పబ్లిష్ చేశాడు. మనకి అది అదే ఆర్టికల్ అనిపిస్తుంది, గూగుల్‌కి మాత్రం అది నిన్న పుట్టిన పేజీ. రెండేళ్లుగా వేరే సైట్లు ఇచ్చిన లింకులు, జనం క్లిక్ చేసిన చరిత్ర, ఇవన్నీ పాత URL కి సంబంధించినవి. ఆ పాత URL తెరిస్తే 404 వస్తోంది.

వర్డ్‌ప్రెస్ పాత స్లగ్‌ని దానంతట అదే రీడైరెక్ట్ చేస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అదే పోస్ట్‌లో స్లగ్ మారిస్తే నిజంగానే చేస్తుంది. కానీ ఆ పోస్ట్‌ని పక్కన పెట్టి ఇంకో పోస్ట్ రాస్తే ఆ రెండింటికీ సంబంధం ఉందని దానికి తెలిసే దారి లేదు.

సరిచేయడానికి గంట కూడా పట్టలేదు. డ్రాఫ్ట్‌లో ఉన్న పాత పోస్ట్‌ని, స్లగ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా మళ్లీ పబ్లిష్ చేశాం, కొత్త పోస్ట్‌లో రాసిన తాజా సమాచారాన్ని తెచ్చి అందులో పెట్టాం, ఆ తర్వాత కొత్త URL ని పాతదానికి 301 పంపాం. అపాచీ సర్వర్ కాబట్టి `.htaccess`లో ఈ ఒక్క లైను:

```
Redirect 301 /numaish-2025-guide/ /numaish-2023-timings-ticket/
```

పని చేస్తోందో లేదో బ్రౌజర్‌లో చూడొద్దు, పాత కాష్ వల్ల మోసపోతాం. టెర్మినల్‌లో చూడండి:

```
curl -I https://example.com/numaish-2025-guide/
```

మొదటి లైన్లో 301, `Location`లో పాత URL కనిపించాలి. 302 కనిపిస్తే అది తాత్కాలికం అని చెప్పినట్టు, దాన్ని 301 చేయండి. తర్వాత హోమ్ పేజీలో, వేరే ఆర్టికల్స్‌లో కొత్త URL కి ఇచ్చుకున్న లింకుల్ని కూడా పాత URL కి తిప్పి, సెర్చ్ కన్సోల్‌లో URL ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి Request Indexing నొక్కాం. పది రోజుల్లో పేజీ నాలుగో ప్లేస్‌కి వచ్చింది. 404 కొద్ది రోజులే ఉంది కాబట్టి ఇంత త్వరగా తేలింది, నెలలు గడిచిపోయి ఉంటే ఈ మాట ఇంత నమ్మకంగా చెప్పను.

"మరి URL లో 2023 అలాగే ఉంటే జనం పాతది అనుకోరా అక్కా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ర్యాంక్‌కి URL లో ఉన్న మాటల వల్ల వచ్చేది చాలా తక్కువ. చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందని మీకు అనిపిస్తే మార్చండి, కానీ ఒక్కసారే మార్చండి, ఏడాది లేని స్లగ్‌కే మార్చండి, అది కూడా సీజన్‌లో వద్దు. మేం ఆ మేలో `/numaish-timings-ticket/` చేశాం, ఎండాకాలంలో ఆ పేజీ రెండు వారాలు కిందా మీదా అయినా నష్టం లేదు. అప్పుడు 2023 URL ని, 2025 URL ని రెండింటినీ నేరుగా కొత్తదానికే పంపాం, ఒకదాని మీదుగా ఇంకోదానికి కాదు. ఆ రీడైరెక్టుల్ని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, నేనైతే ఎప్పటికీ తీయను.

ఇంకో చిన్న ఉచ్చు. మీ పర్మాలింక్‌లో ఏడాది, నెల ఉంటే (`/%year%/%monthnum%/%postname%/` లాగా), పోస్ట్ పబ్లిష్ తేదీని ముందుకు జరిపిన క్షణంలోనే URL మారిపోతుంది. స్లగ్ ముట్టుకోలేదు కదా అని మీరు అనుకుంటూనే ఉంటారు. పబ్లిష్ తేదీ అలాగే ఉంచి, పేజీ మీద "అప్‌డేట్ చేసిన తేదీ" చూపిస్తే సరిపోతుంది. అది స్కీమాలోని `dateModified`తో కలవాలి.

లక్షణం: పొజిషన్ కొన్ని మెట్లే పడింది, కొన్ని క్వెరీలు మాత్రం పూర్తిగా పోయాయి

కారణం చాలాసార్లు ఏడాది కాదు, ఏడాదితో పాటు చేతికొచ్చిన మిగతా మార్పులు. పాత టైటిల్ "నుమాయిష్ 2024 టైమింగ్స్, టికెట్ ధర, ఎలా వెళ్లాలి". మావాడు కొత్త పోస్ట్‌కి పెట్టింది "హైదరాబాద్ మనసు దోచే నుమాయిష్ 2025 పూర్తి గైడ్". వినడానికి బాగుంది, కానీ జనం టైప్ చేసే "టైమింగ్స్", "టికెట్" అనే మాటలు రెండూ ఎగిరిపోయాయి.

టైటిల్ ముట్టుకునే ముందు సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ క్వెరీల ట్యాబ్ తెరిచి, ఎక్కువ క్లిక్కులు తెచ్చే మొదటి పది క్వెరీల్ని ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో పదేపదే వచ్చే మాటలు కొత్త టైటిల్లో, H1లో ఉండి తీరాలి. మేం పాత టైటిల్‌నే తిరిగి పెట్టి 2024 స్థానంలో 2025 వేశాం, అంతే. కొత్త టైటిల్ రాయాలని చేతులు దురదపెడితే, అది వేరే నెలలో వేరే పనిగా చేయండి. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల పడిందో తేల్చలేరు.

లక్షణం: టైటిల్ మార్చినా గూగుల్‌లో పాత ఏడాదే కనిపిస్తోంది

మొదట కాస్త ఆగండి. గూగుల్ మళ్లీ వచ్చి చదివి చూపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా పాతదే ఉంటే, గూగుల్ ఆ లైనుని `<title>` నుంచి మాత్రమే తీసుకోదని గుర్తు పెట్టుకోండి. H1, `og:title`, పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్నవి, లింకుల్లో వాడిన మాటలు కూడా చూస్తుంది. పేజీ సోర్స్ తెరిచి పాత ఏడాది కోసం వెతకండి. మాకు అది `og:title`లో దొరికింది, SEO ప్లగిన్‌లో సోషల్ మీడియా కోసం రెండేళ్ల కింద విడిగా టైప్ చేసి మర్చిపోయిన లైను.

లక్షణం: ర్యాంక్ ఉంది, కానీ జనం వచ్చి వెంటనే వెళ్లిపోతున్నారు, తప్పు సమాచారం అని కామెంట్లు

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. టైటిల్లో `%%currentyear%%` లాంటి వేరియబుల్ పెడితే డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటగానే ఏడాది దానంతట అదే మారుతుంది. లోపలి మ్యాటర్ మారదు. నుమాయిష్ మామూలుగా జనవరి 1నే మొదలవుతుంది కాబట్టి మా పేజీలోనూ అదే ఉంది. కానీ 2025లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణం వల్ల ప్రారంభాన్ని జనవరి 3కి వాయిదా వేశారు, టికెట్ కూడా 40 నుంచి 50 రూపాయలైంది. పైన 2025 అని, కింద పోయిన ఏటి తేదీ, పోయిన ఏటి ధర ఉంటే, ఆ మాట నమ్మి పిల్లల్ని తీసుకుని జనవరి 1 సాయంత్రం గాంధీభవన్ మెట్రోలో దిగిన మనిషికి మనం చేసింది అన్యాయమే. ఆ వేరియబుల్ తీసేసి, ఎగ్జిబిషన్ సొసైటీ ప్రకటన వచ్చాక ప్రతి వివరం సరిచూసి, ఏడాదిని చేత్తోనే మార్చండి.

దీనికి అన్నలాంటిది 'ఫైండ్ అండ్ రీప్లేస్'. మావాడు కాపీ చేసిన మ్యాటర్లో 2022, 2023, 2024 ఉన్నచోటల్లా 2025 వేసేశాడు. దాంతో "2022లో కోవిడ్ వల్ల మొదలైన మర్నాడే ఆపేశారు" అన్న వాక్యం "2025లో కోవిడ్ వల్ల మొదలైన మర్నాడే ఆపేశారు" అయి కూర్చుంది. సీజన్ మధ్యలో అది చదివినవాళ్లు ఏమనుకుంటారు?

కాబట్టి పేజీలో ఉన్న ప్రతి ఏడాదినీ కళ్లతో చదవాలి, వేరే దారి లేదు. జరిగిపోయినదాన్ని చెప్పే ఏడాదిని (1938లో మొదలైంది, 2022లో ఆగింది) ముట్టుకోవద్దు. ఈ సీజన్ తేదీ, ధర చెప్పే చోట సరిచూశాకే మార్చండి. ఇక "2023లో మెట్రోలో వెళ్లడమే సులువు" లాంటివి ఉంటాయి, అక్కడ ఏడాది పూర్తిగా తీసేయండి, ఏ ఏడాదైనా మెట్రోనే సులువు. మా పేజీలో ఏడాది పదహారు చోట్ల ఉంటే ఈ పద్ధతిలో చివరికి ఏటా మార్చాల్సినవి నాలుగే మిగిలాయి: టైటిల్, H1, తేదీల లైను, ధర లైను. ఆ నాలుగూ ఎక్కడున్నాయో అతను పోస్ట్ పైన ఒక HTML కామెంట్‌లో రాసి పెట్టుకున్నాడు, డిసెంబర్‌లో ఎవరు అప్‌డేట్ చేసినా ముందు అదే కనిపించేలా.