సంతకం చేసిన పీడీఎఫ్ తిరిగొస్తోందా? ముందు వరస సరిచూసుకోండి

ఆ మధ్య ఒక అనువాదం పనికి తొమ్మిది పేజీల ఒప్పందం వచ్చింది. పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు నింపడానికి గళ్ళు, చివరి పేజీలో ఇద్దరికీ చెరో సంతకం గడి ఉన్నాయి. ఫోన్‌లోనే తెరిచి, నింపి పంపాను. "గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయండీ" అని జవాబు వచ్చింది. మళ్ళీ నింపి, డిజిటల్ సంతకం పెట్టి, ఖాతా నంబరు ఉంది కదా అని చివర్లో పాస్‌వర్డ్ వేసి పంపాను. ఈసారి "మీ సంతకం చెల్లదని చూపిస్తోంది" అన్నారు. మూడోసారి సంతకం బాగానే ఉంది కానీ, "మేం సంతకం పెట్టలేకపోతున్నాం, ఫైల్ లాక్ అయిపోయింది" అన్నారు.

మూడూ వేర్వేరు సమస్యలే. ఒక్కోదాని సంగతి కింద విడిగా చెబుతాను, కానీ ముందు ఈ వరస పట్టుకోండి: ముందు నింపాలి, తర్వాత పాస్‌వర్డ్ పెట్టాలి, సంతకం అన్నిటికన్నా చివర పెట్టాలి.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. వేలితో గీసిన సంతకం, ఫొటో తీసి అతికించిన సంతకం ఫైల్‌కి సంబంధించినంతవరకు ఒక బొమ్మ మాత్రమే. దాని వెనక సరిచూసేదేమీ ఉండదు. డిజిటల్ సంతకం అంటే మీరెవరో చెప్పే ఎలక్ట్రానిక్ గుర్తింపు పత్రంతో, అంటే సర్టిఫికెట్‌తో, పెట్టేది. అడోబీ రీడర్‌లో "Fill & Sign" మొదటి రకానికి, "Use a certificate" రెండో రకానికి. అవతలివాళ్ళు ఏది అడుగుతున్నారో పని మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి. ఇక్కడ నేను సంతకం అన్నచోటల్లా సర్టిఫికెట్ సంతకం అనే అర్థం.

## మీకు నిండుగా కనిపిస్తోంది, వాళ్ళకి ఖాళీగా వెళ్తోంది

పీడీఎఫ్‌లో ఒక గడిని నింపినప్పుడు ఫైల్‌లో రెండు విషయాలు చేరాలి. ఒకటి మీరు టైప్ చేసిన విలువ. రెండోది ఆ విలువ గడిలో ఎలా కనిపించాలో చెప్పే రూపం. కొన్ని యాప్‌లు విలువను మాత్రమే రాసి ఊరుకుంటాయి. అవతల ఉన్న సాఫ్ట్‌వేర్ విలువను చూసి రూపాన్ని తానే తయారుచేసుకునే రకమైతే అంతా కనిపిస్తుంది. ఉన్న రూపాన్ని మాత్రమే గీసే రకమైతే గడి ఖాళీగా ఉంటుంది. అంటే మీరు రాసింది పోలేదు, ఫైల్‌లోనే ఉంది, కనిపించడం లేదంతే.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది. గడి మీద క్లిక్ చేస్తే అక్షరాలు కనిపించి, బయట క్లిక్ చేయగానే మాయమవుతుంటే, జబ్బు ఇదే. కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరిచి, ప్రతి గడిలో రాసింది చెరిపి మళ్ళీ టైప్ చేసి, వేరే పేరుతో సేవ్ చేయండి. ఆ కొత్త ఫైల్‌ని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో, ఉదాహరణకు బ్రౌజర్‌లో, తెరిచి చూడండి. రెండుచోట్లా కనిపిస్తేనే ముందుకు వెళ్ళండి.

తెలుగు లిపిలో పేరు రాసినప్పుడు మాత్రం డబ్బాలో, విడిపోయిన ఒత్తులో కనిపిస్తే కారణం వేరు. ఆ గడికి కేటాయించిన ఫాంట్‌లో తెలుగు అక్షరాలు ఉండవు. చాలా ఫారాల్లో హెల్వెటికా ఉంటుంది. నింపేవాళ్ళు దాన్ని సరిచేయలేరు, ఫారం తయారుచేసినవాళ్ళే మార్చాలి. తొందరగా ఉంటే ఆంగ్ల లిపిలో నింపడమే దారి.

తెరవగానే గళ్ళకు బదులు "Please wait..." అని మొదలయ్యే ఒకే పేజీ కనిపిస్తే అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాతరకం ఫారం. ఎంతసేపు ఆగినా లాభం లేదు. ఫోన్ యాప్‌లు, చాలా ఇతర రీడర్లు దాన్ని చూపించలేవు. కంప్యూటర్‌లోని అడోబీ రీడర్‌లో తెరవండి.

ఖాళీ గళ్ళ బాధ తప్పించుకోవడానికి చాలామంది చేసే పని ప్రింట్ కొట్టి దాన్నే మళ్ళీ పీడీఎఫ్‌గా సేవ్ చేయడం. అక్షరాలు అచ్చులా అతుక్కుపోతాయి, నిజమే. కానీ వాటితోపాటు సంతకం గళ్ళు కూడా బొమ్మలైపోతాయి. సంతకం పెట్టిన తర్వాత ఇలా ప్రింట్ కొడితే ఇంకా దారుణం, సంతకం బొమ్మ మిగిలి అసలు సంతకం పోతుంది. చూపు మారదు కాబట్టి పంపినవాళ్ళకి ఆ సంగతే తెలియదు.

## పాస్‌వర్డ్ పెట్టగానే సంతకం చెల్లకుండా పోయింది

నా రెండో ఫైల్‌కి జరిగింది ఇదే, నాకు బాగా నేర్పింది కూడా ఇదే.

సంతకం పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఫైల్‌లోని బైట్లన్నిటినీ, సంతకం కూర్చునే ఖాళీ తప్ప, మొదటినుంచి చివరిదాకా లెక్కగట్టి ఒక ముద్ర తయారుచేస్తుంది. అవతల తెరిచినప్పుడు మళ్ళీ అదే లెక్క కడతారు. రెండూ సరిపోతేనే సంతకం చెల్లుతుంది. పాస్‌వర్డ్ పెట్టడం అంటే తలుపుకి బయటనుంచి తాళం వేయడం లాంటిది కాదు. లోపలి అక్షరాలు, బొమ్మలు అన్నీ గుప్తలిపిలోకి మారి ఫైల్ మొత్తం కొత్తగా రాయబడుతుంది. ఒప్పందంలో ఒక్క మాట మారకపోయినా బైట్లు మారిపోతాయి, లెక్క తప్పుతుంది.

అడోబీ సాఫ్ట్‌వేర్ సంతకం ఉన్న ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టనివ్వదు. అప్పుడు మనం చేసే పొరపాటు, ఏదో ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కించి అక్కడ పెట్టించడం. నేనూ అదే చేశాను. ఫైల్ సైజు తగ్గించడం, పేజీలు కలపడం, తిప్పడం కూడా ఇలాగే ఫైల్‌ని తిరగరాస్తాయి.

ఒకసారి చెడిన సంతకాన్ని బాగుచేసే మార్గం లేదు. సంతకం లేని, నింపిన కాపీ దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. అందుకే నింపగానే ఒక కాపీ పక్కన పెట్టుకోండి. దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ని తెరిచి సంతకం పెట్టండి. పాస్‌వర్డ్ పెట్టడానికి నేను వాడేది ఉచితంగా దొరికే క్యూపీడీఎఫ్. ఫైల్ మన కంప్యూటర్ దాటి వెళ్ళదు, టెర్మినల్‌లో ఈ ఆదేశం ఇస్తే చాలు:

```
qpdf --encrypt OPENPASS OWNERPASS 256 -- filled.pdf locked.pdf
```

మొదటిది తెరవడానికి అడిగే పాస్‌వర్డ్, రెండోది హక్కులు మార్చే యజమాని పాస్‌వర్డ్. రెండూ వేర్వేరుగా ఉంచండి. 256 అంటే ఏఈఎస్ 256 బిట్ల రక్షణ.

అసలు కాపాడేది మొదటి పాస్‌వర్డే. యజమాని పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టి, ప్రింట్ తీయకూడదు, కాపీ చేయకూడదు అని నిబంధనలు పెట్టినంత మాత్రాన ఎవరూ ఆగరు. ఫైల్ ఎవరైనా తెరవగలరు, ఆ నిబంధనల్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్లు బోలెడు. ఖాతా నంబరు దాచాలంటే తెరిచే పాస్‌వర్డ్ ఉండాల్సిందే. అక్రోబాట్‌లో మార్పుల మీద ఆంక్ష కూడా పెట్టాలనుకుంటే "Filling in form fields and signing existing signature fields" అన్నదాన్ని ఎంచుకోండి. అంతకన్నా గట్టిది పెడితే అవతలివాళ్ళు సంతకం పెట్టలేరు.

## చెల్లదా, తెలియదా?

సంతకం పాడైందని ఎవరైనా అంటే, స్క్రీన్ మీద సరిగ్గా ఏ మాట ఉందో ఫొటో పంపమనండి. "invalid" అని ఉంటే ఫైల్ మారింది, పైన చెప్పినట్టు మళ్ళీ చేయాలి. "validity is unknown" అని ఉంటే ఫైల్‌కి ఏమీ కాలేదు. మీ సర్టిఫికెట్ వాళ్ళ కంప్యూటర్ నమ్మే జాబితాలో లేదు, అంతే. సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌తో ఇది తప్పక వస్తుంది. వాళ్ళు సంతకం వివరాల్లోకి వెళ్ళి "Show Signer's Certificate" తెరిచి, "Trust" భాగంలో దాన్ని నమ్మకమైన వాటిలో చేర్చుకోవచ్చు. చేర్చేముందు అందులో కనిపించే వేలిముద్ర సంఖ్యను, అంటే ఆ సర్టిఫికెట్‌ని గుర్తుపట్టే పొడుగాటి అంకెల, అక్షరాల వరసను, మీతో ఫోన్‌లో సరిచూసుకోవాలి. ఆ పని వదిలేస్తే ఎవరి సంతకాన్ని నమ్ముతున్నారో వాళ్ళకే తెలియదు.

బ్రౌజర్‌లో తెరిచి, చెల్లుతుందన్న గుర్తు కనిపించలేదని టెన్షన్ పడేవాళ్ళూ ఉన్నారు. క్రోమ్ లాంటి బ్రౌజర్ సంతకాన్ని సరిచూడదు, బొమ్మ చూపించి ఊరుకుంటుంది.

## రెండోవాళ్ళు సంతకం పెట్టలేకపోతున్నారు

సంతకం పెట్టే పెట్టెలో "Lock document after signing" అని ఒక చిన్న గడి ఉంటుంది. భద్రంగా ఉంటుందని నేను దానికి టిక్ పెట్టాను. అది చివర సంతకం పెట్టేవాళ్ళు మాత్రమే పెట్టాల్సిన టిక్. ముందువాళ్ళు పెడితే తర్వాతివాళ్ళ గడి కూడా మూసుకుపోతుంది. దాన్ని వాళ్ళు తీయలేరు, నా దగ్గరే తీయాలి. నా కంప్యూటర్‌లో సంతకం మీద కుడి క్లిక్ చేసి "Clear Signature" నొక్కి, టిక్ లేకుండా మళ్ళీ పెట్టాను.

ఇలా కుదిరిన నాలుగో ఫైల్‌ని పంపేముందు, పాప్లర్ అనే ఉచిత సాధనాలతో వచ్చే పీడీఎఫ్‌సిగ్‌తో ఒక్కసారి సరిచూశాను:

```
pdfsig -upw OPENPASS final.pdf
```

ఇందులో "Signature is Valid." అనీ, "Total document signed" అనీ వస్తే ఫైల్ చెక్కుచెదరలేదని అర్థం. రెండోవాళ్ళు కూడా సంతకం పెట్టాక చూస్తే మొదటి సంతకం దగ్గర "Not total document signed" అని వస్తుంది. కంగారు పడకండి, వాళ్ళ సంతకం మీ సంతకం తర్వాత ఫైల్ చివర చేరింది కాబట్టి అలా చూపిస్తుంది.

## పాస్‌వర్డ్ తప్పు అంటోంది

ఎక్కువసార్లు దీనికి కారణం ఫోన్ కీబోర్డే, మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దక్షరం చేసేస్తుంది. మెసేజ్‌లోంచి కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అంటుకుని వస్తుంది. అందుకే చిన్నక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, సున్నాకీ o అక్షరానికీ తికమక రాకుండా, పొడుగ్గా పెట్టండి. సరైన పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోకపోతే వాళ్ళ దగ్గర 256 బిట్ల రక్షణ అర్థంకాని పాత సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు, కొత్తది వేసుకోమనండి. రక్షణ బలహీనపరిచి మళ్ళీ పంపకండి, దానికోసం సంతకం కూడా మళ్ళీ పెట్టాల్సి వస్తుంది.

పాస్‌వర్డ్‌ని ఫైల్ వెళ్ళిన మెయిల్‌లోనే రాయకండి, వెంటనే ఇంకో మెయిల్‌లో పంపినా అదే పెట్టెలో చేరుతుంది. ఫోన్ చేసి చెప్పండి. ఫైల్ అసలు చేరనే లేదంటే, లోపలికి చూడలేని అటాచ్‌మెంట్ అని వాళ్ళ మెయిల్ వడపోత ఆపేసి ఉండొచ్చు. అప్పుడు ఫైల్‌ని క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టి, వాళ్ళ ఒక్కరికే తెరుచుకునేలా లింకు ఇవ్వండి. బైట్లు మారవు, సంతకం అలాగే ఉంటుంది.