ఫ్లాష్ సేల్ క్యాప్షన్, ఆరో పాఠం: గడువు తర్వాతి మెసేజ్ ముందు రాయండి

పోయిన పాఠంలో పాత ధర, కొత్త ధర పక్కపక్కన ఎలా రాయాలో చూశాం. కొట్టేసిన పాత ధర మీరు నిజంగా అమ్మిన ధరే అయి ఉండాలని, సేల్ కోసం పెంచి కొట్టేసింది కాకూడదని అనుకున్నాం. ఈ పాఠం గడువు వాక్యం గురించి. కొనేవాళ్లను తొందరపెట్టేది ఈ వాక్యమే. ఎక్కువ అబద్ధాలు దొర్లేదీ ఇందులోనే.

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. కడపలో ఒక అక్క ఇంటి దగ్గర నుంచే మాధవరం నేత చీరలు అమ్ముతుందనుకుందాం. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఇంటికొచ్చి చూసేవాళ్లు, ఈ మూడే ఆమె అంగడి. ఆషాఢంలో ఆమె దగ్గర 38 చీరలు మిగిలాయి. మామూలు ధర 1,450 రూపాయలు. 1,190కి ఇద్దామనుకుంటోంది. మొదట ఆమె రాసుకున్న క్యాప్షన్ ఇది:

> త్వరపడండి! కొన్ని పీసులే! ఈరోజు మాత్రమే! మళ్లీ ఈ ధరకు రావు!!

ఇందులో ఒక్క ముక్కనైనా సరిచూసుకునే వీలు చదివేవాళ్లకు లేదు. కొన్ని అంటే ఎన్ని? ఈరోజు అంటే ఏ రోజు? చివరి మాట మరీ ఇబ్బంది. దసరాకు ఆమే ఇంకా తగ్గించి అమ్మాల్సి రావచ్చు. రాదని ఇప్పుడే మాట ఇవ్వడం ఎందుకు?

గడువు ముగిశాక పంపే మెసేజ్

క్యాప్షన్ పక్కన పెట్టి, ముందు గడువు దాటిన మర్నాడు పొద్దున పెట్టే మెసేజ్ రాయండి. సేల్ ఆదివారం రాత్రి 9కి అయిపోతుందనుకుంటే సోమవారం మెసేజ్ ఇలా ఉంటుంది:

> నిన్న రాత్రి 9తో తగ్గింపు అయిపోయింది. మిగిలిన చీరలు ఇప్పుడు మళ్లీ 1,450.

చిన్న మెసేజే. కానీ రాసేటప్పుడు చెయ్యి ఆగితే విషయం బయటపడ్డట్టే. "11 చీరలు మిగిలిపోతే? సోమవారం పొద్దున ఎవరైనా 1,190కే అడిగితే పోగొట్టుకుంటానా?" అనిపించిందంటే, మీ మనసులో ఆదివారం అనే గడువే లేదు. లేని గడువును క్యాప్షన్‌లో రాస్తే అది అబద్ధమవుతుంది, రాసేటప్పుడు మీరు అలా అనుకోకపోయినా సరే.

ఇప్పుడు కారణం సంగతి. తగ్గింపుకు కారణం రాయాలని చాలామందికి తెలుసు. ఆ కారణం గడువును మోస్తోందా లేదా అని మాత్రం చూసుకోరు. ఈ అక్కకు రెండు కారణాలున్నాయి. ఒకటి, శ్రావణం సరుకు వస్తోంది, అల్మారాలో చోటు కావాలి. రెండు, కొత్త సరుకు తాలూకు డబ్బు సోమవారం నేతవాళ్లకు కట్టాలి. రెండూ నిజమే. కానీ రెండింటి నుంచి ఒకే రకం సేల్ పుట్టదు.

కారణం చోటు కోసమైతే, మిగిలిన చీరల ధర సోమవారం మళ్లీ పెంచడంలో అర్థం లేదు. అల్మారా ఖాళీ కావాలంటే అమ్ముడయ్యేదాకా తగ్గింపు ఉండాల్సిందే. కాబట్టి ఆ కారణంతో "ఆదివారం వరకే" అని రాయకూడదు. "ఈ 38 చీరలు అయిపోయేదాకా" అని రాయాలి. అది సరుకుకు కట్టిన గడువు.

కారణం డబ్బు కట్టడమైతే లెక్క మారుతుంది. సోమవారం లోపు చేతికి డబ్బు రావాలి, అందుకే చీరకు 260 రూపాయలు వదులుకుంటోంది. సోమవారం దాటాక ఆ అవసరం ఉండదు. మిగిలిన చీరలు నిదానంగా 1,450కే అమ్ముకోవచ్చు. ఇది రోజుకు కట్టిన గడువు. ధర నిజంగా పెరుగుతుంది, పెరగడానికి కారణమూ ఉంది.

డబ్బు అవసరం బయటికి చెబితే బేరం ఎక్కువవుతుందని భయపడేవాళ్లున్నారు. ఈ సందర్భంలో ఆ భయం అక్కర్లేదు. సోమవారం తర్వాత అవసరం తీరిపోతుందని కూడా చెబుతున్నాం కదా, ఆగితే ఇంకా తగ్గుతుందనే ఆశ దానితోనే పోతుంది. నేతవాళ్లకు డబ్బు వేళకు కట్టాలనుకోవడం దాచుకోవాల్సిన సంగతి కూడా కాదు.

అక్క రెండో కారణాన్నే ఎంచుకుంది. మొదటిదాన్ని క్యాప్షన్‌లో పెట్టలేదు. రెండూ కలిపి రాస్తే చదివేవాళ్లకు "చోటు కావాలంటున్నారు కదా, సోమవారం కూడా ఇస్తారులే" అనిపిస్తుంది.

ఎన్ని ఉన్నాయో రాయడం

మొత్తం ఒక్కటే రాస్తే చాలదు. 38 చీరల్లో ఆకుపచ్చవి 15, పసుపువి 12, నీలంవి 9, గులాబీవి 2. ఫోటోలో బాగా కనబడేది గులాబీ రంగు. దాన్ని ముందు పెట్టి "38 చీరలు" అని రాస్తే చూసినవాళ్లంతా గులాబీయే అడుగుతారు. రెండు పోయాక మిగతావాళ్లకు పసుపు చూపించాల్సి వస్తుంది. ఇది ఎర వేయడమే. ఆశ పెట్టే ఇలాంటి ప్రకటనల గురించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అడిగినవాళ్లందరికీ సరిపడా సరుకు ఉండకపోవచ్చని అనిపిస్తే, ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. అందుకే రంగుల వారీగా రాయండి, మొదటి ఫోటోలో మీ దగ్గర ఎక్కువున్న రంగు పెట్టండి.

అంకె రాశాక దాన్ని మారుస్తూ పోవాలి. ఇక్కడ చిక్కేమిటంటే, సరుకు ఒకటే, అమ్మే చోట్లు మూడు. ఇంటికొచ్చినావిడ రెండు నీలం చీరలు తీసుకెళ్లినా ఇన్‌స్టాగ్రామ్‌లో 9 అనే ఉంటుంది. దీనికి ఒక నోటు పుస్తకం చాలు. ఏ దారిలో అమ్మినా ముందు అందులో కొట్టేసి, తర్వాతే పార్సిల్ కట్టాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఆ లెక్క చూసి క్యాప్షన్ సరిచేస్తే సరిపోతుంది. గంటగంటకూ మార్చాల్సిన పని లేదు, కానీ "మధ్యాహ్నం 2 గంటలకు ఉన్నవి" అని వేళ రాయాలి.

"అక్కా, అది నాకు పక్కన పెట్టు" అనేవాళ్లు ఉంటారు, డబ్బు పంపరు. వాటిని అమ్ముడైనట్టు లెక్కేస్తే అంకె అబద్ధంగా తగ్గుతుంది. లెక్కెయ్యకపోతే ఒకే చీర ఇద్దరికి చెప్పినట్టవుతుంది. పక్కన పెట్టేది రెండు గంటలే అని ముందే చెప్పి, డబ్బు వచ్చాకే అంకె తగ్గించండి.

తేదీ ఎక్కడ రాయాలి

"ఈరోజే", "రేపటిదాకా" అనే మాటలు సేల్ క్యాప్షన్‌లో పనికిరావు. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది నిజమే. కానీ దాని ఫోటో ఎవరో బంధువుల గ్రూపులో పంపుతారు, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకో రాయచోటికో నాలుగు రోజుల తర్వాత చేరుతుంది. అక్కడ చూసినావిడకు "ఈరోజే" అంటే ఆమె చూసిన రోజే. తేదీ, వారం, గంట, మూడూ ఫోటో మీదే రాయండి. మారే అంకెలు, అంటే మిగిలిన చీరల లెక్క మాత్రం ఫోటో మీద వద్దు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద క్యాప్షన్ తర్వాత కూడా మార్చుకోవచ్చు, ఫోటో మీద అచ్చయింది మార్చలేం.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో తెరిచి చూడకముందు మొదటి ఒకటి రెండు వరుసలే కనబడతాయి. కాబట్టి సరుకు, ధర, గడువు మొదటి వరుసలోనే రావాలి. కారణం రెండో వరుసలో వచ్చినా ఫర్వాలేదు.

స్టోరీలో పెట్టే కౌంట్‌డౌన్ స్టిక్కర్ తప్పు కాదు. అది సున్నాకు వచ్చిన నిమిషంలో ధర మారితే అది గడియారం. సున్నా అయ్యాక మళ్లీ మొదలైతే, లేదా చూసినవాళ్లందరికీ వేరువేరుగా "ఇంకా 15 నిమిషాలే" అంటే మోసం. కొనేవాళ్లను మాయచేసే పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబర్ 30న ఆ వినియోగదారుల రక్షణ సంస్థే వాటి మీద తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల పద్ధతుల పట్టిక ఉంది. అందులో మొదటిది ఈ లేని తొందర పెట్టడమే. పెద్ద వెబ్‌సైట్లకే కాదు, అమ్మేవాళ్లకూ ప్రకటన ఇచ్చేవాళ్లకూ వర్తిస్తుందని అందులో స్పష్టంగా ఉంది.

అక్క చివరికి రాసిన క్యాప్షన్

> మాధవరం నేత చీరలు 1,450వి 1,190కి. ఆగస్టు 2, ఆదివారం రాత్రి 9 గంటల దాకా.
>
> శ్రావణం సరుకు డబ్బు సోమవారం నేతవాళ్లకు కట్టాలి, అందుకే ఈ తగ్గింపు. సోమవారం నుంచి మిగిలినవి మళ్లీ 1,450.
>
> శనివారం పొద్దున 10కి ఉన్నవి: ఆకుపచ్చ 15, పసుపు 12, నీలం 9, గులాబీ 2.
>
> కావాల్సిన రంగు రాసి వాట్సాప్ చెయ్యండి. రెండు గంటలు పక్కన పెడతాను. ఆదివారం 9 లోపు మెసేజ్ వస్తే, డబ్బు పంపేటప్పుడు ఇబ్బంది వచ్చి ఆలస్యమైనా ఇదే ధర.

ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు. అయినా గులాబీ చీర నచ్చినావిడ ఫోన్ పక్కన పెట్టదు, రెండే ఉన్నాయని ఆమెకు తెలిసింది కాబట్టి. ఆకుపచ్చ నచ్చినావిడ ఆదివారం దాకా నిదానంగా ఆలోచించుకుంటుంది. అలా ఆలోచించుకోనివ్వాలి. ఆమెను కూడా శనివారమే పరుగెత్తించే మాట రాయాలనిపిస్తే ఆపుకోండి.

చివరి వాక్యం ఎందుకంటే, రాత్రి 8:50కి యూపీఐ ఆగిపోవడం మనందరికీ తెలిసిందే. అప్పుడు ఏం చేస్తారో ముందే రాసి ఉంటే, 9 తర్వాత ఒకరికిచ్చి ఒకరికివ్వలేదన్న మాట రాదు.

ఆదివారం రాత్రికి 11 చీరలు మిగిలాయనుకోండి. "మీ కోరిక మీద మరో రెండు రోజులు" అని పెట్టొద్దు. శనివారమే కొన్నవాళ్లు ఆ స్టేటస్ చూస్తారు. తర్వాతి సేల్‌లో వాళ్లెవరూ మొదటి రోజు కొనరు. మీరు ఏ తేదీ రాసినా దానికి రెండు రోజులు కలుపుకునే చదువుతారు. ముందే రాసిపెట్టుకున్న సోమవారం మెసేజ్‌ను ఉన్నదున్నట్టు పంపండి. దసరా ముందు ఆ 11 మళ్లీ తగ్గించాల్సి వస్తే తగ్గించవచ్చు, "మళ్లీ ఈ ధరకు రావు" అని మనం ఎక్కడా రాయలేదు.

అభ్యాసం

మీ దగ్గర ఇప్పుడు మిగిలిన సరుకు ఒకటి తీసుకోండి. తగ్గించడానికి నిజంగా ఉన్న కారణాలన్నీ రాసి, ఒక్కొక్కటి రోజుకు గడువు కడుతుందో, సరుకుకు కడుతుందో పక్కన గుర్తు పెట్టండి. ఏదీ కట్టకపోతే అది ఫ్లాష్ సేల్ కాదు, మామూలు తగ్గింపు. గడువు లేకుండానే పెట్టండి. కడితే, గడువు తర్వాతి మెసేజ్ రాసి, ఒక రాత్రి గడిచాక చదివి, అప్పుడు క్యాప్షన్ మొదలుపెట్టండి.

ఏడో పాఠంలో సేల్ అయిపోయాక వచ్చి పాత ధరకే అడిగేవాళ్లకు నొప్పించకుండా జవాబు రాయడం చూద్దాం.